మరక పడ్డ అట్టలు

పిల్లలకు చదువు చెప్పే ఈ కేంద్రం పెట్టింది నా భార్య. బట్టల దుకాణం వెనక గది, ఒక చాప, ఒక నల్లబల్ల. మందుల అట్టపెట్టెలు కత్తిరించి, లోపలి తెల్లవైపున ఇల్లు, ఎక్కడ, ఎందుకు, కాదు లాంటి మాటలు రాసేది. కూడబలుక్కోకుండా చూడగానే చదవాల్సిన మాటలు ముప్పై, ఒక్కోటి రెండు అట్టల మీద. బోర్లిస్తే ఏది ఏదో తెలియకుండా అన్నింటి వెనకా ఒకే రకం పాత కాగితం అంటించేది.

ఆమె పోయి రెండేళ్లు. ఊరి బడిలో ఏడో తరగతితో ఆగిన నేను ఆ చాప మీద కూర్చున్నాను. చేతనై కాదు, ఇంకెవరూ రాక.

ఆటలు ఆమెవే. జతల ఆటలో పది మాటల అట్టలు, అంటే ఇరవై, బోర్లిస్తాం. వంతు వచ్చినవాళ్లు రెండు తిప్పి పైకి చదవాలి. మాట ఒకటే అయితే జత వాళ్లది, మళ్లీ వంతూ వాళ్లదే. కాకపోతే ఉన్నచోటే బోర్లించాలి. చదవలేకపోతే జత కుదిరినా దక్కదు. చిన్నవాళ్లకు అయిదు మాటలే, అట్టలు తెరిచే ఉంచుతాం. చరుపు ఆటలో అట్టలన్నీ తెరిచి పరుస్తాం. నేను మాట చెబుతాను. ముందు ఎవరి అరచెయ్యి పడితే అట్ట వాళ్లది.

మరక పడ్డ అట్ట, మూల విరిగిన అట్ట ఆ రోజే చించి కొత్తది రాయాలనేది ఆమె. ఆ ఒక్క నియమం నేను పాటించలేదు. అది ఆమె చేతిరాత.

ఇస్త్రీ చేసే ఆమె కూతుర్ని అందరూ పిచ్చుక అంటారు. తొమ్మిదేళ్లు, బడి మొహం చూడలేదు. ముప్పైలో ఇరవై చదివితే మూడో తరగతిలో చేర్చుకుంటానని బడి పంతులమ్మ చెప్పింది. లేకపోతే ఒకటో తరగతి. అయిదేళ్లవాళ్ల పక్కన కూర్చోబెట్టేట్టయితే పంపనని తల్లి తేల్చేసింది.

పిచ్చుక ఏ ఆటలోనూ ఓడేది కాదు. ముప్పైకి ముప్పై అని నేను గొప్పలు పోయాను.

పంతులమ్మ అవే మాటలు కొత్త అట్టల మీద రాసుకొచ్చింది. పిచ్చుక మూడు చదివి ఆగింది. నా వైపు చూసింది.

"తాతా, టీ మరకది ఇందులో లేదే. 'ఎక్కడ' అంటే అదేగా?"

పంతులమ్మ నా అట్టలు ఒక్కొక్కటీ తిప్పి చూసింది. "మీరు నేర్పింది మరకలు, మాస్టారూ."

నెల గడువు అడిగాను. చేరికలు ఈ వారంతో సరి అంది.

"మరకలు గుర్తుపట్టడం మా ఇంటి పనే. దానికి బడెందుకులెండి," అని తల్లి పిల్ల చెయ్యి పట్టుకుని లేచింది.

ఆ సాయంత్రమే అరవై అట్టలు కొత్తగా రాశాను. పొద్దున్నే తీసుకెళ్లి పిచ్చుకకు ఇచ్చాను. తీసుకుంది, చూడలేదు. చేతిలో చొక్కా ఉంది.

రెండు రోజుల తర్వాత, వాళ్లకు ఇస్త్రీకిచ్చిన నా చొక్కాలు తెచ్చుకున్నాను. కాలరు నిలబడటానికి ఒక్కోదాని కింద నేను రాసిచ్చిన ఒక్కో అట్ట పెట్టి మడిచింది పిచ్చుక.