సీటు కింద గాజులు

పినపాక దారిలో లారీ టైరు పేలింది. జాకీ కోసం సీటు కింద చెయ్యి పెట్టిన బసవపున్నయ్యకు గాజుల పొట్లం తగిలింది. భార్య నిర్మల పుట్టినరోజుకని తల్లాడలో కొని, అక్కడ దాచింది తనే. ఆ పుట్టినరోజు నిన్ననే అయిపోయింది. తప్పకుండా వస్తానని మాటిచ్చి, కిరాయి తగలగానే మరిచిపోయాడు.

ఇల్లు చేరేసరికి తల్లి పద్మావతమ్మ గుమ్మంలోనే అందుకుంది. "పాయసం జేసి నిన్నంతా నీకోసం చూసింది పిల్ల. చెక్‌పోస్టోళ్లు లారీ ఆపిండ్రంట గదరా! వాళ్ల నోట్ల మన్నువడ!"

ఆ అబద్ధం నిర్మలదని అతనికి అర్థమైంది. మొగుడి పరువు పోకుండా ఇరుగుపొరుగుకూ అదే చెప్పి ఉంటుంది. ఇప్పుడు అవునంటే చాలు, గండం గడిచిపోతుంది. కానీ ఆమె తలెత్తకుండా బియ్యం ఏరుతోంది. అతని చెవులు సిగ్గుతో కాలిపోయాయి.

పొట్లం ఆమె ఒడిలో పెట్టాడు. "నిన్న చెప్పాల్సిన శుభాకాంక్షలు ఇయ్యాల చెబుతున్న నిర్మలా. ఏమనుకోకు."

"చెక్‌పోస్టోళ్లు ఇయ్యాలన్నా వదిలిండ్రా అండీ?" నవ్వు బిగబట్టి, గాజులు చేతికి ఎక్కిస్తూ అంది నిర్మల.

అతను తల్లివైపు తిరిగాడు. "వాళ్లను తిట్టకే అమ్మా. లారీని ఎవ్వరూ ఆపలే. పుట్టినరోజు మరిచింది నేనే."