సగమే కూలే కప్పు

మా బావ ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోడు. ఎవరైనా పళ్లబుట్ట తెస్తే అది గుమ్మం దాటకముందే వెనక్కి పంపేస్తాడు. తెచ్చినవాళ్లు మా పుట్టింటివాళ్లయినా సరే, ముందు ఒకసారి అనుమానంగా చూస్తాడు. నిప్పులాంటి మనిషని ఊరంతా అంటుంది. నిజమే. కాకపోతే ఆ నిప్పుతో కాపురం చేస్తున్నది మా అక్క, ఆ నిప్పు మీద కేసు వేసింది నేను.

బావ మునిసిపల్ కమిషనర్. నేను లాయర్ని. మా మధ్య వేళాకోళాలే తప్ప వ్యాజ్యాలు ఎప్పుడూ లేవు. చిన్నప్పటినుంచీ మా బట్టలు కుట్టే దర్జీ బాబాయ్ ఒకరోజు నా ఆఫీసుకు వచ్చి, మెళ్లో టేపు కూడా తియ్యకుండా కుర్చీ అంచున కూర్చునేదాకా.

"అమ్మాయ్, మా కొట్టు కూలిపోతుందట," అన్నాడు. "కూలిపోయేలోపు వాళ్లే కూలగొడతారట."

బాబాయ్ కొట్టు మార్కెట్ వీధిలో ఉంది. ఒకే పొడుగాటి భవనం, మధ్యలో ఒక గోడ. గోడకు ఇటువైపు సగం బాబాయ్ సొంతం. అటువైపు సగం మునిసిపాలిటీది, అందులో నీటి పన్ను కట్టించుకునే కౌంటర్ ఉంది. పైన కప్పు ఒక్కటే. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా దూలం కూడా ఒక్కటే.

కమిషనర్ ఆర్డరు చదివాను. భవనం శిథిలావస్థలో ఉంది, ఏ క్షణాన్నయినా పడిపోవచ్చు, ప్రజల ప్రాణాలకు ముప్పు, వెంటనే ఖాళీ చెయ్యాలి, మునిసిపాలిటీ కూల్చేస్తుంది అని ఉంది. అంతా దర్జీ కొట్టు గురించే. పన్ను కౌంటర్ ఊసే లేదు.

"పగుళ్లేమైనా ఉన్నాయా బాబాయ్?"

"పూత మీద వెంట్రుకంత గీత ఒకటుంది. నేను కొట్టు పెట్టిన నాటినుంచీ ఉంది. ఇంజినీరుగారు దాన్ని ఫొటో తీశారు. నా బతుకులో నన్నెవరూ అంత శ్రద్ధగా ఫొటో తియ్యలేదు." నవ్వబోయి ఆగిపోయాడు. "ఆ కొట్టు పోతే నాకింకేం లేదమ్మా. ఈ వయసులో కొత్త వీధిలో మిషను పెట్టుకుంటే ఎవరొస్తారు? అసలు ఇప్పటికే సగం పని ఆగిపోయింది. మీ పిన్ని లోపల అడుగు పెట్టడం లేదు. బయట గొడుగు కింద కూర్చుని కాజాలు కుడుతోంది."

పిన్ని అలిగి నిరసన చేస్తోందనుకున్నాను. ఆ మాట అక్కడితో వదిలేశాను.

బావ మనసులో ఏముందో కనిపెట్టడానికి నాకు గూఢచారులు అక్కర్లేదు. ఆయన ఏదీ దాచుకోడు. పిల్లల కోసం మార్కెట్ వీధిలో చదువుకునే గది కట్టాలని ఆయన కల. కౌన్సిల్ మీటింగులో అందరి ముందూ చెప్పాడు. కొట్టు ఉన్న చోట అలమరాలు, బల్లలు గీయించిన ప్లాను తన ఆఫీసు గోడకు తగిలించాడు. అదంతా అయ్యాకే ఇంజినీరుగారు ఆ గీతను చూడ్డానికి వెళ్లాడు. పిటిషన్‌లో నేను చూపించిన ఆధారాలు ఇవే. కౌన్సిల్‌లో అన్న మాట, గోడ మీది ప్లాను, ఆ తర్వాత పుట్టిన ప్రమాదం.

కోర్టులో మొదటి రోజు, కమిషనర్‌గారు మా బావ అని ముందే చెప్పేశాను. జడ్జిగారు కళ్లద్దాల మీదుగా చూసి, "మీ ఇంట్లో భోజనాలు ఎలా జరుగుతున్నాయమ్మా?" అని అడిగి, విచారణ అయ్యేదాకా కూల్చవద్దని స్టే ఇచ్చారు.

భోజనాలు ఎలా జరిగాయో ఆ సాయంత్రమే తెలిసింది. అక్క పిలిచిందని వెళ్లాను. బావ పిటిషన్ కాపీ పట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. మొహం మాడిపోయి ఉంది.

"మోసం అని రాశావు నా మీద," అన్నాడు. "నేనెవరి దగ్గరైనా ఏమైనా తిన్నానా?"

"మా అక్క వంట తప్ప ఏమీ తినలేదు. అది ఊరందరికీ తెలుసు."

"మరి మోసం ఏమిటి?"

"చట్టాన్ని మోసం చెయ్యడం అని రాశాను బావా. దానికి లంచం అక్కర్లేదు. చెడ్డవాడు కానక్కర్లేదు. మీలాంటి మంచివాళ్లే ఇంకా బాగా చేస్తారు."

అక్క పప్పు వడ్డిస్తూ మొహం అటు తిప్పుకుని నవ్వింది.

"ఇలా చూడండి," అన్నాను. "పక్కింటివాళ్లు ఊరెళ్తూ మొక్కలకు నీళ్లు పొయ్యమని తాళంచెవి మీకిచ్చారు. మీరు వాళ్ల హాల్లో స్నేహితుల్ని కూర్చోబెట్టి పేకాడారు. తాళంచెవి అసలుదే. ఇచ్చిందీ వాళ్లే. తలుపు తియ్యడానికి మీకు హక్కుంది. కానీ తాళంచెవి ఇచ్చింది దేనికి?"

"పోతూ పోతూ మొక్కలకు నీళ్లు పోస్తే?"

"అదే అసలు పని కనపడకుండా పైన రంగు పూయడం. ఒక చెంబు నీళ్లు పోసి, మొక్కల కోసమే వెళ్లాం అంటారు. కోర్టు చెంబు చూడదు, పేకలు చూస్తుంది."

"నేను ఆడింది పేక కాదుగా. పిల్లల చదువు."

"పేకాడకుండా పిల్లలకు పాఠాలే చెప్పారనుకోండి. అయినా తాళంచెవి ఇచ్చింది దానికి కాదు. పడిపోయే ఇళ్లను కూల్చే అధికారం మనుషుల ప్రాణాలు కాపాడమని ఇచ్చారు. స్థలం సంపాదించమని కాదు. పని మంచిదే అయినా, ఆ పనికి ఈ అధికారం కాదు."

బావ అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం ఆయన. నాలుగో కాలు కనిపించినా ఒప్పుకోడానికి కొంచెం టైము పడుతుంది.

"సరే, అది అధికారం సంగతి. చట్టాన్ని మోసం చేశానంటావు, అదెక్కడ?"

ఈసారి అక్క అందుకుంది. "మన ఇంట్లో ముందు గుమ్మంలోంచి వస్తే కాళ్లు కడుక్కోవాలి కదండీ? మీరు కిటికీ దూకి వచ్చి, నేను గుమ్మం దాటలేదు, కడగక్కర్లేదు అంటే నేనూరుకుంటానా?"

"అక్కా, రేపు నువ్వే వాదించు," అన్నాను. "అదే బావా. ప్రజల పనికి ఒకరి స్థలం కావాలంటే దానికి వేరే చట్టం ఉంది. ముందు నోటీసు ఇవ్వాలి, అతను చెప్పేది వినాలి, పరిహారం ఇవ్వాలి. అదంతా తప్పించుకోడానికి దొడ్డిదారిన వచ్చారు. ఏ చట్టం బాబాయ్‌ని కాపాడాలని రాశారో, దాన్ని తాకకుండా పక్కనుంచి జారుకున్నారు. అక్షరం ఒక్కటీ తప్పలేదు, ఉద్దేశం మొత్తం తప్పింది."

"అవన్నీ చేస్తే ఏళ్లు పడుతుంది. ఆలోపు ఆ పిల్లలు పెద్దవాళ్లయిపోతారు."

ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో నిజంగా బాధ ఉంది. నాకు జాలేసింది. జాలేసినా కేసు వెనక్కి తీసుకోలేదు.

"ఒక్క మాట," అన్నాను వెళ్లబోతూ. "మోసమని రుజువు చెయ్యాల్సింది నేనే, మీరు కాదు. ఆర్డరు సక్రమమేనని అనుకునే కోర్టు మొదలుపెడుతుంది. నేను ఓడిపోనూ వచ్చు."

"అది చెప్పి భోజనం పాడుచేశావు," అన్నాడు బావ. "గెలుస్తాననే నమ్మకం లేకపోతే నువ్వు చెప్పేదానివి కాదు."

విచారణ రోజు జడ్జిగారు కమిషనర్ని, ఇంజినీర్ని ఇద్దర్నీ రమ్మన్నారు. మునిసిపాలిటీ లాయరుగారు గట్టిగానే వాదించారు. అధికారం ఉంది, పగులు ఉంది, ఇంజినీరు రిపోర్టు ఉంది, ప్రాణాలతో చెలగాటం ఆడలేం అన్నారు. నేను మనసులో భయపడ్డాను కూడా.

జడ్జిగారు ఇంజినీర్ని పిలిచారు. "గోడకు అవతల ఏముంది?"

"నీటి పన్ను కౌంటర్ అండి."

"ఎవరిది?"

"మాదేనండి."

"ఇవాళ తెరిచారా?"

"తెరిచారండి. గడువు దగ్గర పడింది, జనం క్యూలో ఉన్నారు."

"కప్పు?"

ఇంజినీరుగారు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. తర్వాత, "ఒకటేనండి," అన్నాడు.

"దూలం?"

"అదీ ఒకటేనండి."

"అంటే దర్జీగారి మీద పడే కప్పు, మీ గోడ దగ్గరికొచ్చి ఆగిపోతుందన్నమాట," అన్నారు జడ్జిగారు. "మీ దూలానికి మునిసిపల్ హద్దులు బాగా తెలుసు." తర్వాత బావ వైపు తిరిగారు. "కమిషనర్‌గారూ, ఆ కప్పు పడిపోతుందని మీరు నిజంగా నమ్మారా?"

మునిసిపాలిటీ లాయరుగారు ఏదో అందించబోయారు. బావ ఆయన్ని చూడలేదు. బావ నోటితో అబద్ధం ఆడలేడని నాకు తెలుసు. కానీ నిజం చెప్పడం అంత కష్టమవుతుందని నాకు తెలియదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"నమ్మి ఉంటే అటువైపు మా వాళ్లని కూర్చోబెట్టేవాణ్ణి కాదండి," అన్నాడు. "స్థలం కావాల్సి వచ్చింది. ఇది దగ్గరి దారిలా కనిపించింది."

తీర్పు చిన్నదే. కమిషనర్‌కు ఆ అధికారం ఉంది, సందేహం లేదు. ఇందులో ఆయనకు స్వార్థమూ లేదు. పిల్లల గది మంచి ఆలోచనే. కానీ ఒక పని కోసం ఇచ్చిన అధికారాన్ని ఆ పని పేరు చెప్పి వేరే పనికి వాడితే అది చెల్లదు, వాడినవాడు ఎంత మంచివాడైనా చెల్లదు. ఆర్డరు కొట్టేస్తున్నాం. స్థలం కావాలంటే సరైన చట్టం ప్రకారం అడగవచ్చు.

కోర్టు నుంచి తిన్నగా కొట్టుకు వెళ్లాను. బాబాయ్ మిషను ముందు కూర్చుని, కాలు ఆడించకుండా, నా కోసమే చూస్తున్నాడు. చెప్పగానే చొక్కా అంచుతో కళ్లు తుడుచుకున్నాడు. పిన్ని మాత్రం బయట గొడుగు కిందే ఉంది.

"గెలిచాం పిన్నీ. ఇంక లోపలికి రా."

"సంతోషం అమ్మా," అంది, సూది ఆపకుండా. "నేనిక్కడే కుట్టుకుంటాను. కప్పు పడితే కోర్టు కాగితం అడ్డం పెట్టుకోగలమా?"

"పడదు పిన్నీ. అది ఉత్త మాట."

"ఎవరి మాట? కమిషనర్‌గారిదే కదా. ఆయన ఎవరి దగ్గరా గ్లాసుడు మజ్జిగ కూడా తాగడు. వేరేవాళ్లు రాసుంటే నేనూ ఉత్తదే అనుకునేదాన్ని. అలాంటాయన పడుతుందని సంతకం పెట్టారంటే పడుతుందనే. మీ బాబాయ్ లోపల కూర్చుంటే నాకు కుట్టు కుట్టుకీ గుండె ఆగుతోంది."

నా పిటిషన్‌లో ఎన్నో పేజీలు రాశాను. ఈ మాట ఒక్కటీ అందులో లేదు.

ఆ సాయంత్రం అక్కింట్లో బావ తలెత్తకుండా అన్నం తింటున్నాడు. నేనే పిన్ని అన్నది అన్నట్టుగా చెప్పాను. ఆయన చెయ్యి కడుక్కుని లేచి, కిటికీ దగ్గరికి వెళ్లాడు. వేళాకోళం చెయ్యబోయిన నన్ను అక్క కళ్లతో ఆపింది.

మర్నాడు కొట్టు తెరిచే వేళకు బావ మార్కెట్ వీధికి నడిచి వెళ్లాడు. వెనకే నేనూ వెళ్లాను. పిన్ని గొడుగు ముందు ఆగి, "అమ్మా, ఆ కప్పు పడదు. నేను రాసింది నిజం కాదు," అన్నాడు.

పిన్ని ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఇప్పుడు చెప్తున్నది నిజమో, అప్పుడు రాసింది నిజమో నాకెలా తెలుస్తుంది బాబూ?"

బావ చెప్పులు విప్పి లోపలికి వెళ్లి, సరిగ్గా దూలం కింద, బట్టల మూటల పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. ఆఫీసు టైమైంది. ప్యూను రెండుసార్లు వచ్చి పిలిచాడు. ఆయన కదల్లేదు. అటువైపు పన్ను కౌంటర్లో క్యూ మొదలైంది. బాబాయ్ ఏం చెయ్యాలో తెలియక, ఆయన చొక్కా కాలరు కొలుస్తూ నిలబడ్డాడు.

మధ్యాహ్నానికి పిన్ని గొడుగు ముడిచి, గడప దాటి, బావ పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించింది.