గేజీ మీద చీటీ

నాకు కోపం ఎక్కువ, తప్పు ఒప్పుకోవడం తక్కువ. అందుకే ఈ సంగతి చెప్పడానికి ఇన్నాళ్లు పట్టింది.

దువ్వాడ అవతల, వాడేసిన ద్రావకాలను శుద్ధి చేసే ఫ్యాక్టరీలో నేను ల్యాబ్ కెమిస్టును. ఆ వారం టోలీన్, అమీన్ అనే రెండు ద్రావకాలు కలిసిన కొత్త సరుకు వచ్చింది. టోలీన్ ఆవిరిని కొలిచాను. అమీన్ మాత్రం మా మెషిన్ గొట్టానికి అంటుకుపోయి అంకె ఇవ్వదు. అయినా దిగులు లేదనుకున్నాను. వేడీ ఒత్తిడీ మారకుంటే, రెండే పదార్థాలున్న మిశ్రమంలో ఒకదాని రసాయన పొటెన్షియల్, అంటే మిశ్రమాన్ని విడిచిపోయే ఉరవడి, మారినప్పుడు రెండోదీ ఎదురు దిశలో మారి తీరాలి. ఒకటి తెలిస్తే రెండోది లెక్కలో దొరుకుతుంది.

తొమ్మిది పాళ్ల టోలీన్‌కు ఒక పాలు అమీన్ ఉన్నప్పటి అమీన్ అంకె పాత రికార్డులో ఉంది. అక్కడి నుంచి మా సరుకు దాకా, అంటే మూడుకు ఒకటి దాకా, మెట్టుమెట్టుగా లెక్క కట్టి, ఎంత వేడి చేయొచ్చో, ఏ వేడికి ఎంత ఒత్తిడి ఉండాలో రాసి రియాక్టర్ దగ్గరున్న మా తమ్ముడు దొరబాబుకు ఇచ్చాను. యారాడలో చేపల వేట మానేసి వాడు ఈ ఉద్యోగానికి వచ్చింది నా మాట మీదే.

పదింటికి టీ తాగుతూ నా దగ్గరున్న లెక్క కాగితం చూశాను. టోలీన్ పొటెన్షియల్ పది తగ్గిన చోటల్లా అమీన్‌కు పదే పెంచాను. ఓరి దేవుడా! పాళ్లతో గుణించడం మరిచాను! మూడుకు ఒకటి ఉన్న చోట టోలీన్ పది తగ్గితే అమీన్ ముప్పై పెరగాలి. తొమ్మిదికి ఒకటి ఉన్న చోట తొంభై. తేలిగ్గా ఆవిరయ్యేది అమీనే. దాని ఆవిరి నా లెక్కకు రెట్టింపు పైనే ఉంటుంది. ఒత్తిడి హద్దు దాటితే రియాక్టర్ మీది గొట్టంలో ఉన్న రక్షణ డిస్కు పగిలి, ఆ విషమంతా ప్లాట్‌ఫారం మీదికి వస్తుంది. అక్కడ నా తమ్ముడున్నాడు.

ప్లాంటులోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. పరుగెత్తాను. మూడు అంతస్తుల ఇనుప మెట్లు.

“స్టీమ్ కట్టెయ్‌రా! కట్టెయ్!”

“ఏటక్కా, ఇంకా పది డిగ్రీలు పెంచొచ్చని నువ్వే రాసినావు కదా!”

“నాను తప్పు రాసినాన్రా! ముందు కట్టు!”

వాల్వు తిప్పాడు. రియాక్టర్ చుట్టూ చల్లనీళ్లు వదిలాడు. లోపలి వేడికి ఒత్తిడి ఇంకా పెరుగుతూనే ఉంది. బయటి గేటు దాకా పొమ్మని వాణ్ని తోశాను. కదల్లేదు. ఇద్దరం డిస్కు ఉన్న గొట్టానికేసి చూస్తూ నిలబడ్డాం. నాలుగు నిమిషాలకు డిస్కు కింద ఒత్తిడి చూపే పెద్ద గేజీలో ముల్లు ఎర్రగీతకు వెంట్రుకవాసి ఇవతల ఆగింది. తరవాత మెల్లగా దిగింది.

అప్పుడు చూశాను. ఆ గేజీ అంచుకే ఒక చీటీ అంటించి ఉంది. “గేజీ పాడైంది, మార్చాలి” అని వాడి చేతిరాత.

“ఇదేట్రా?”

“పొద్దున్నుంచీ నీ కాయితం కన్నా ఎక్కువ చూపిస్తందక్కా,” అన్నాడు దొరబాబు. “నీ లెక్క తప్పదు గదా. గేజీయే పాడైపోయిందనుకున్నాను.”