అరవై ఎక్కడిది?

శనివారం సాయంత్రం నాలుగు కావొస్తుండగా గోపాల్ సారు ఫోన్‌కు మనస్విని లెక్క వచ్చింది. ఆ పిల్ల మిర్యాలగూడలో మేనత్త ఇంటికి పోయి, అప్పుడే కోదాడ బస్సెక్కింది. వాళ్ళమ్మ ఫోన్‌లోంచి టైపు చేసి పంపింది.

1.20 = 60
60 - 12 = 48
48 / 3 = 16
కీలో 12 ఇచ్చిన్రు సార్. నాదే కరెక్ట్ గదా?

జిల్లా లెక్కల టీచర్లు కలిసి పెట్టిన పోటీ అది. మనస్వినికి ఒక్క మార్కు తగ్గింది. ఆ ఒక్కటీ కలిస్తే సూర్యాపేటలో జరిగే రెండో రౌండుకు పోతుంది. లేకపోతే లేదు. కీ తప్పని అనుకున్నవాళ్ళు ఐదు గంటల లోపల అభ్యంతరం పంపాలి. దాని కింద లెక్కల టీచరు "ప్రశ్నతో సరిచూశాను" అని రాసి సంతకం చేయాలి.

హెడ్మాస్టరు వెంకటయ్య సారు ఆ కాగితాన్ని అచ్చు తీయించి, పెన్ను మూత కూడా తీసి చేతికిచ్చాడు.

"పెట్టు గోపాల్ సార్. అరవైలోంచి పన్నెండు తీస్తే నలభై ఎనిమిది. మూడుతో భాగిస్తే పదహారు. నాది తెలుగు సబ్జెక్టు, నాకే అర్థమైంది."

"తీసివేత నేనూ సూసిన సార్. భాగహారం కూడా సూసిన. ఒక్క తప్పు లేదు."

"మరి?"

"అరవై ఎక్కడిది?"

వెంకటయ్య సారు ఫోన్ తీసుకుని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. "పైన్నే ఉంది గదా. ఒకటి పాయింట్ ఇరవై ఈజ్ ఈక్వల్ టు అరవై."

"ఒకటి పాయింట్ ఇరవై అరవై ఎట్లయితది సార్?"

హెడ్మాస్టరు పెన్నుకు మూత పెట్టేశాడు.

పక్క బల్ల దగ్గర జవాబు పత్రాలు దిద్దుతున్న లత మేడం నవ్వింది. ఆమె పుట్టిల్లు ఆంధ్రాలోని జగ్గయ్యపేట. కోదాడ స్కూలుకు వచ్చి మూడేళ్ళయింది. "ఇది భూమి లెక్కేమో సార్. ఎకరం ఇరవై అంటే మీ వైపు ఎకరం మీద ఇరవై గుంటలు కదా. ఎకరానికి నలభై, పైన ఇరవై, అరవై."

గోపాల్‌కు తట్టిందీ అదే. ఆయనది సూర్యాపేట దగ్గర ఆత్మకూర్. వాళ్ళ నాన్న పాసుపుస్తకంలో రెండెకరాల పది గుంటలను 2.10 అనే రాసేవాళ్ళు. ఆ చుక్క దశాంశ బిందువు కాదని ఆయనకు ఆరో తరగతిలో గాని తెలియలేదు.

"అదే అయితే పిల్లది కరెక్టు," అన్నాడు. "కాకపోతే?"

లత మేడం సుద్దముక్క తీసుకుంది. "నిజంగా దశాంశమే అయితే, ఒకటి పాయింట్ రెండు ఇంటూ నలభై, నలభై ఎనిమిది. పన్నెండు తీస్తే ముప్పై ఆరు. మూడు భాగాలు చేస్తే..." బోర్డు మీద పన్నెండు వేసి, చుట్టూ గుండ్రంగా గీసింది. "ఇదిగోండి వాళ్ళ కీ. మా వైపైతే ఎకరానికి వంద సెంట్లు, ఎకరం ఇరవై అంటే పైన ఇరవై సెంట్లే. అప్పుడూ ఒకటి పాయింట్ రెండే."

"అంటే ఇద్దరూ కరెక్టేనా?" అన్నాడు వెంకటయ్య సారు.

"ఇద్దరి లెక్కా కరెక్టే," అన్నాడు గోపాల్. "ప్రశ్న ఏందో తెలిస్తే ఎవరిది జవాబో చెప్పొచ్చు. అది లేకుండ నేను దిద్దితే మనస్విని లెక్కను దిద్దినట్టు కాదు, నా ఊహను దిద్దుకున్నట్టు."

మనస్వినికి ఫోన్ చేశాడు. బస్సు రొదలో ఆ పిల్ల అరిచింది. "సార్! పెట్టిన్రా?"

"ముందు ప్రశ్న చెప్పు బిడ్డా."

"ముగ్గురు అన్నదమ్ములు సార్. భూమి పంచుకుంటరు. బాయికి, బాటకు పన్నెండు గుంటలు ఇడుస్తరు. ఒక్కొక్కరికి ఎన్ని గుంటలు?"

"ఎంత భూమి?"

"ఎకరం ఇరవై."

"పేపర్ల అట్లనే ఉందా?"

"ఆ సార్, ఒకటి పాయింట్ ఇరవై."

"ఎకరం ఇరవయ్యా, ఒకటి పాయింట్ ఇరవయ్యా?"

"రెండు ఒకటే గద సార్! మా తాత గట్లనే అంటడు."

గోపాల్ కళ్ళు మూసుకుని తెరిచాడు. "తాత మాట వద్దు, నీ మాట వద్దు. పేపరు ఉందా నీ దగ్గర?"

"సంచిల ఉంది. లెక్క మొత్తం పంపిన గదా సార్, ఇంకా పేపరెందుకు?"

"నువ్వు పంపింది జవాబు. దేనికి జవాబో అది పేపర్లనే ఉంది. ఫొటో తీసి పంపు. ప్రశ్న మొత్తం రావాలె, తెలుగుది, ఇంగ్లీషుది రెండూ. మొదటి పేజీల సూచనలు కూడా. ఒక్క అక్షరం కూడా నువ్వు టైపు చేయకు."

నాలుగుంబావుకు మొదటి ఫొటో వచ్చింది. అందులో బొటనవేలు స్పష్టంగా ఉంది. రెండోదాంట్లో ముందు సీటు, దాని మీద ఎవరిదో తువ్వాల. మూడోదాంట్లో ప్రశ్న సంఖ్య కనిపించింది గాని, మిగతాదంతా బస్సుతో పాటు ఊగుతోంది.

"పన్నెండు అనేది మాత్రం కనబడుతోందండీ," అంది లత మేడం.

"పన్నెండుతోని పేచీ లేదు మేడం," అన్నాడు గోపాల్.

వెంకటయ్య సారు గడియారం కిందే కుర్చీ వేసుకున్నాడు. "బస్సు హుజూర్‌నగర్ల ఆగుతది. గప్పటిదాంక మనం పరేషాన్ కావుడే."

బస్సు ఆగింది. నాలుగూ నలభై ఒకటికి రెండు ఫొటోలు వచ్చాయి, అక్షరం అక్షరం స్పష్టంగా ఉన్నాయి. ముగ్గురి తలలూ ఒకే ఫోన్ మీదికి వంగాయి.

తెలుగులో ఇలా ఉంది: ముగ్గురు అన్నదమ్ములకు 1 ఎకరం 20 గుంటల భూమి ఉన్నది. దాని కింద ఇంగ్లీషులో, అదే భూమి 1.20 ఎకరాలైంది.

"ఓర్నీ," అన్నాడు వెంకటయ్య సారు. "ఒక్క వరుస కిందికి రాంగనే పన్నెండు గుంటలు మాయమైనయి!"

"పిల్ల తెలుగు చదివి చేసింది," అంది లత మేడం. "కీ రాసినాయన ఇంగ్లీషు చూసి చేశారు. ఇక సంతకం పెట్టేయండి సార్."

"ఇంకొక్కటి," అని గోపాల్ మొదటి పేజీ ఫొటో పెద్దది చేశాడు. తేడా వస్తే ఇంగ్లీషుదే చెల్లుతుందని ఉంటే, మనస్వినికి మార్కు రాదు. ఒక్కో సూచన మీద వేలు పెట్టి చదివాడు. అయిదోది: రెండు భాషలలో దేనిని చదివి జవాబు రాసినా అంగీకరించబడును.

అప్పుడు పెన్ను అడిగాడు. ప్రశ్నను రెండు భాషల్లోనూ ఉన్నది ఉన్నట్టు దించి, రెండు లెక్కలూ పక్కపక్కన వేసి, ఫొటోలు జతచేసి పంపేసరికి అయిదుకు ఇంకా ఏడు నిమిషాలుంది.

అయిదూ పదికి సూర్యాపేట నుంచి ఫోన్ వచ్చింది. ప్రశ్నపత్రం తయారుచేసిన పరశురాములు సారు. గొంతులో విసుగు ఉంది.

"గోపాల్ సార్, మీరు కూడానా? నా లెక్క నా ముందటనే ఉంది. నలభై ఎనిమిదిల పన్నెండు పోతే ముప్పై ఆరు. మూడుతోని భాగిస్తే పన్నెండు. ఎక్కడ తప్పు?"

"ఎక్కడా లేదు సార్. మీ ముందట లెక్క ఉంది, ప్రశ్న ఉందా?"

"నేనే రాసిన ప్రశ్న. నాకు తెల్వదా?"

"జర ఫొటో తెరిచి బయటికి సదువుండ్రి సార్. తెలుగుది."

అటువైపు గొంతు సవరించుకున్న చప్పుడు. "ముగ్గురు అన్నదమ్ములకు ఒక ఎకరం ఇరవై గుంటల..." ఆ తర్వాత దాని కింది ఇంగ్లీషును ఆయన తనలో తనే చదువుకోవడం వినిపించింది.

"గోపాల్ సార్."

"చెప్పండి."

"తెలుగు నేను రాసిన. ఇంగ్లీషు కూడా నేనే రాసిన."

"అయితుంటది సార్. మా నాన్న పాసుపుస్తకంల కూడా గట్లనే ఉండె."

"పదహారుకు మార్కు ఇస్తున్న. పన్నెండుకు కూడా ఇయ్యాలె, ఇంగ్లీషు సదివినోళ్ళు ఏం పాపం జేసిన్రు? మీ పిల్లను పంపుండ్రి."

గోపాల్ మనస్వినికి ఫోన్ చేసి చెప్పాడు. బస్సులో ఆ పిల్ల వేసిన కేకకు, ఎవరి స్టేజీ వచ్చిందనుకున్నాడో ఏమో, కండక్టరు విజిల్ వేసి బస్సు ఆపించాడు.