ప్రయాణపు రోజులు

ల్యాబ్‌లో తన కింద పనిచేసే పిల్ల పెళ్లి సెలవు అర్జీ తెచ్చి బల్ల మీద పెట్టగానే పెద్ద టెక్నీషియన్‌కు కడుపు మండిపోయింది. తనకు వచ్చిన సంబంధాలన్నీ గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయినవే.

“పెళ్లికి సెలవు సరే, రానూపోనూ ప్రయాణానికి వేరేగా రెండు రోజులా? పెళ్లి చంద్రమండలంలోనా?” అంటూ ఆ రెండు రోజులూ కొట్టేయడానికి పెన్ను తీసింది.

“దూరం అక్కా. తిరిగి రైలు దిగేసరికే మంగళవారం రాత్రవుతుంది. బుధవారం పొద్దున మాత్రం డ్యూటీలో ఉంటా, ఖాయం.”

“కొత్త పెళ్లికూతురివి, మర్నాడే పరిగెత్తుకొస్తావా? మొగుడు అప్పుడే మొహం మొత్తుతాడా?”

“అదేంటక్కా! బుధవారం మీ అమ్మగారి కంటి ఆపరేషన్ కదా. మీ డ్యూటీ నేను చూస్తానని మాటిచ్చాగా.”

పెద్దావిడ పెన్ను గాల్లోనే ఆగింది. తను ఆ మాట ఎవరికీ గుర్తుండదనుకుంది. అసూయ చల్లారలేదు గానీ, ఆ రోజులు కొట్టేయడానికి చెయ్యి రాలేదు. కింద ‘సిఫారసు చేస్తున్నాను’ అని రాసి సంతకం పెట్టింది.

“ఇదిగో, పెళ్లి ఫొటోలు మాత్రం నాకు చూపించకు,” అంది విసురుగా.

“ముందు మీకే చూపిస్తా,” అంది పిల్ల.