అమ్మ క్రీము మీద ఆకు బొమ్మ

అమ్మ నేర్పిన క్రీము డబ్బాలకు వంటింటి బల్ల మీద చెల్లెలు లేబుళ్లు అంటిస్తోంది. కుందేలు బొమ్మ, జంతువుల నుంచి వచ్చినదేదీ లోపల లేదని చెప్పే వీగన్ ఆకు, "చర్మ వైద్యుల సిఫారసు" అన్న ముద్ర. మూడూ ఉంటేనే అలమరలో చోటిస్తామన్నారు పెద్ద కొట్టువాళ్లు.

"కుందేలు సరే. జంతువుల మీద పరీక్షలు లేవని, మనకు సరుకిచ్చేవాళ్ల కాగితాలు కూడా చూసి ఒక సంస్థవాళ్లు ఇచ్చారు. ఈ వైద్యులెవరే?" అంది అక్క.

"బావే! చర్మాల డాక్టరేగా, మొన్న రాసుకుని బాగుందన్నాడు. ఈ ముద్రకు ఎవరి అనుమతీ అక్కర్లేదట."

"ఇంటల్లుడి మాట సిఫారసా? తీసెయ్. మరి ఆకు?"

"కుందేలు వచ్చాక ఆకు రాదా?"

"కుందేలు పరీక్షల సంగతే చెబుతుంది, లోపలేముందో చెప్పదు. ఇందులో గొర్రె ఉన్ని జిడ్డుందే, పిచ్చిదానా!"

"అయితే ఆ జిడ్డు బదులు ఇంకేదైనా వేద్దాం."

అక్క డబ్బా మూత తీసింది. తడిసిన ఉన్ని కోటు వాసన. చలికాలం పొద్దున్నే అమ్మ ఇద్దరి చెంపలకూ ఇది రాసి, మిగిలింది తన పగిలిన వేళ్లకు పులుముకునేది. చెల్లెలు వంగి వాసన చూసింది.

తర్వాత గోటితో ఆకును గీకడం మొదలుపెట్టింది.

"ఆ కొట్టు పోతే పోనీలే అక్కా. సంతలో మనమే అమ్ముకుందాం."