మూడు దెబ్బల తలుపు

ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో ఒక ఈగ దిమ్మలో గడ్డకట్టుకుపోయిందని, రెండు నెలల తర్వాత ఆ దిమ్మ కరిగితే రెక్కలు దులుపుకొని లేచిందని, నేరుగా వచ్చి నా ఛాయ్‌లోనే పడి చచ్చిందని నేను ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను. చెప్పిన ప్రతిసారీ, అక్కడే నాతో పనిచేసిన మా బావ కొమురెల్లి అడ్డం పడేవాడు. "రెండు నెలలు గాదు, ఆరు రోజులు. ఛాయ్ నీది గాదు, సూపర్వైజర్ది." నా అబద్ధాలకు కూడా లెక్క తప్పకుండా చూసే మనిషి.

పోయిన దసరాకు అదే ఈగ కథ చెప్పాను. రెండేళ్లు అన్నాను కావాలనే. బావ నవ్వి, "అట్లనా!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి నాకు అదో ఆట అయింది. "బావా, పొద్దున ఏం తిన్నవ్? నిన్న ఎవరొచ్చిన్రు?" అని అడిగేవాణ్ని. గుర్తు రాకపోతే ఆయన ఏదో ఒకటి అల్లి చెప్పేవాడు, నాలాగే. "కోతల్ల నన్ను మించినవ్ బావా!" అని ఏడిపించేవాణ్ని. నా చెల్లెలు మల్లవ్వ మాత్రం నవ్వేది కాదు.

మే నెల, మంగళవారం. మేడిపల్లిలో బస్సెక్కి ఉప్పల్‌లో దిగి, అక్కడ అరటిపళ్లు, పావుకిలో మైసూర్‌పాక్ కట్టించుకొని, షేర్ ఆటోలో నాచారం చేరేసరికి పన్నెండు కావస్తోంది. మైసూర్‌పాక్ బావకు. మల్లవ్వకు చక్కెర జబ్బు, చూస్తే తిడుతుంది. అందుకని అరటిపళ్ల కింద దాచాను.

ముందు గ్రిల్ గేటుకు లోపలి వైపు తాళం వేసి ఉంది. అది మల్లవ్వ ఏర్పాటు. బావ రెండుసార్లు, ఎప్పుడో మానేసిన డ్యూటీకని బయల్దేరి హబ్సిగూడ దాకా నడిచి వెళ్లాడు. అప్పటి నుంచి తాళంచెవి ఆమె మంగళసూత్రాల పిన్నీసుకే ఉంటుంది.

గ్రిల్ లోంచి హాలు, హాలు చివర బాత్రూం తలుపు కనబడుతున్నాయి. బావ హాల్లో స్టూలు మీద కూర్చొని ఉన్నాడు. ఒళ్లో తన పాత స్టీలు టిఫిన్ డబ్బా. మూత తీసి చూశాడు. ఖాళీ. మూత పెట్టాడు.

"బావా, మల్లవ్వేది?"

"బజారుకు పోయింది."

లోపలి నుంచి చప్పుడు. డబడబడబ, ఆగి, డబ, మళ్లీ డబడబ. ప్లాస్టిక్ మగ్గుతో తలుపు మీద కొట్టినట్టు. దాని వెనక కొళాయి నీళ్ల హోరు.

"అదేంది చప్పుడు?"

"మీదింటోళ్లు టైల్స్ ఏస్తున్రు. పొద్దటి సంది ఇదే లొల్లి."

పైపోర్షన్ టీచరమ్మది. వేసవి సెలవులని ఇంటికి తాళమేసి ఊరికి పోయింది. నేను బాత్రూం తలుపు వైపు చూశాను. బయట గడియ పెట్టి ఉంది.

"మల్లవ్వా!" అని అరిచాను.

"అన్నా!" తలుపు వెనక నుంచి గొంతు సన్నగా వచ్చింది. "గడియ బెట్టిండే... సూది ఏసుకున్న... ఇంక తినలే... కాళ్లు చేతులు వణుకుతున్నయే..."

ఇన్సులిన్ సూది వేసుకున్న మనిషి తినకపోతే, ఒంట్లో చక్కెర పడిపోయి ఏమవుతుందో నాకు తెలుసు. మా వీధిలో ఒకాయన అలాగే పడిపోయాడు. ముందు వణుకు, చెమట, తర్వాత మాట ముద్దగా మారడం, తర్వాత ఏమీ ఉండదు.

పక్కనే పంక్చర్ షాపు రంజిత్‌ను కేకేశాను. సుత్తి తెచ్చాడు గాని, తాళం లోపలి వైపు రేకు వెనక ఉంది, చెయ్యి పోదు. "కటింగ్ మిషన్ మల్లాపూర్‌ల ఉంది తాతా, ఇర్వై నిమిషాల్లో తెస్త" అని బండి తీశాడు. ఇరవై నిమిషాలు!

"బావా, జర లే. ఆ బాత్రూం గడియ తియ్యి."

"గంతేనా? దానికెందుకు ఒర్లుడు!" లేచాడు. డబ్బా స్టూలు మీద పెట్టాడు. ఒకటి, రెండు, మూడు అడుగులు వేశాడు. గోడకున్న క్యాలెండర్ దగ్గర ఆగాడు. ఆగి, తనెందుకు లేచాడో గోడను అడుగుతున్నట్టు చూశాడు. వెనక్కి తిరిగాడు. స్టూలు మీద డబ్బా కనబడింది. వెంటనే మొహం వెలిగింది. దానికోసమే లేచానని అనుకున్నాడు. వచ్చి కూర్చొని మూత తీశాడు.

"బువ్వ ఎవరు తిన్నరు? ఇగ డ్యూటీల ఏం తినాలె?"

మళ్లీ చెప్పాను. మళ్లీ లేచాడు. ఈసారి నాలుగడుగులు. మళ్లీ డబ్బా. నాకు, గడియకు మధ్య పదిహేను అడుగులు. ఆ పదిహేను అడుగులు దాటేంత సేపు కూడా ఒక మాట ఆయన తలలో నిలవడం లేదు.

లోపల చప్పుడు పల్చబడింది. డబ... డబ...

నాకు పిచ్చెక్కింది. "అరే, లోపల నీ పెండ్లాం సస్తుందిరా! మల్లవ్వ! నువ్వే గడియ బెట్టినవ్!"

బావ ముఖం ఎర్రబడింది. "నోరు మంచిగుండనీ. నా పెండ్లాం పుట్టింటికి పోయింది. నెలలు నిండినయ్. నువ్వే గదా బండి గట్టుకొని తోల్కపోయినవ్?"

నిజమే. నేనే తీసుకుపోయాను. నలభై రెండేళ్ల కిందట.

"అది అప్పుడు బావా! ఇప్పుడు నీకు డెబ్బై ఏండ్లు! యాదికి దెచ్చుకో!"

ఆ మాటతో ఆయన కళ్లలోకి భయం వచ్చింది. తప్పు చేసిన పిల్లవాడిలా డబ్బాను గుండెకు అదుముకొని, నాకు వీపు పెట్టి గోడ వైపు తిరిగాడు. నేను ఎంత అరిస్తే అంత ముడుచుకుపోయాడు. ఇన్ని నెలలు నేనాడిన ఆట ఇదే. ఆయనకు లేనిదాన్ని తెమ్మని అడగడం.

సరిగ్గా అప్పుడు పారిశ్రామికవాడలో ఎక్కడో పన్నెండు గంటల సైరన్ మోగింది.

బావ వీపు నిటారుగా అయింది. లేచాడు. చొక్కా సర్దుకున్నాడు. డబ్బా చంకన పెట్టుకొని చకచకా గ్రిల్ దగ్గరికి వచ్చి నా మొహంలోకి చూశాడు. "షిఫ్టు గొట్టిన్రు. కోల్డ్ రూం తలుపేసినవా? సల్లదనమంత పోతది."

అప్పుడు అర్థమైంది నాకు. ఐసు ఫ్యాక్టరీ కోల్డ్ రూంకు గడియ బయటే ఉండేది. తలుపు మూసేముందు రేకు మీద మూడు దెబ్బలు కొట్టి ఆగాలి. లోపల మనిషి ఉంటే మూడు దెబ్బలు తిరిగి కొడతాడు. జవాబు రాకపోతేనే గడియ. ఇరవై ఎనిమిదేళ్లు బావది అదే పని. ఈ పొద్దున బాత్రూం తలుపును కోల్డ్ రూందే అనుకొని తట్టే ఉంటాడు, ఆగే ఉంటాడు. కొళాయి హోరులో నా చెల్లెలికి వినబడి ఉండదు. రూలు ప్రకారం గడియ పెట్టాడు. ఆమె ఇంతసేపూ ఎట్లా పడితే అట్లా కొట్టింది. అట్లా కొట్టేది కంప్రెసర్, టైల్స్ మిషన్. మనిషి కొట్టేది మూడే.

"మల్లవ్వా! నల్లా బంద్ జెయ్! మూడు దెబ్బలు గొట్టు! మూడే! ఆగి ఆగి!"

మళ్లీ పిలిచాను. "మల్లవ్వా!"

చాలాసేపటికి కొళాయి ఆగింది. ఫ్యాన్ కిర్రుమంటోంది.

డబ్.

బావ తల పక్కకు తిప్పాడు.

డబ్.

చంకలో డబ్బా కిందికి దించాడు. ఒక చెయ్యి పైకెత్తి నన్ను మాట్లాడొద్దన్నాడు. మూడోదానికోసం చెవి పెట్టాడు.

మూడోది రాలేదు.

నేను కొడదామని గ్రిల్ మీదికి వేళ్లు పోనిచ్చి, లాక్కున్నాను. ఇక్కడ కొడితే ఆయన ఇటే చూస్తాడు. జీవితంలో ఇన్ని కోతలు కోసినవాణ్ని, ఒక్క దెబ్బ కోసం నోరు మూసుకొని నిలబడ్డాను. బావ ఎత్తిన చెయ్యి మెల్లగా దిగుతోంది. కళ్లు మళ్లీ డబ్బా మీదికి జారుతున్నాయి.

టక్. మగ్గు కూడా కాదు, గాజులనుకుంటాను.

"మనిషున్నడు లోపల!"

ఆయన పరుగెత్తాడు. క్యాలెండర్ దగ్గర ఆగలేదు. గడియ దగ్గర ఆలోచించలేదు. చెయ్యి దానంతట అదే పోయి, గడియను కొద్దిగా ఎత్తి పక్కకు లాగింది. తలుపు తెరుచుకుంది. తడి నేల మీద నా చెల్లెలు గోడకు ఆనుకొని ఉంది, జాకెట్టు చెమటతో తడిసి.

"చద్దరు తే! చద్దరు!" అని తనకు తానే చెప్పుకొని, మంచం మీది బొంత లాక్కొచ్చి ఆమెకు కప్పాడు. మే నెల ఎండలో. అరచేతులు పట్టుకొని గట్టిగా రుద్దుతున్నాడు.

"బావా! కోల్డ్ రూంల చిక్కినోనికి ఏమిస్తరు?"

"బెల్లం ఛాయ్!" అన్నాడు వెంటనే.

"ఛాయ్ కాలే. ఇదియ్యి!" మైసూర్‌పాక్ పొట్లం గ్రిల్ సందులోంచి తోశాను. వచ్చి తీసుకున్నాడు. దారిలో మర్చిపోతాడేమోనని చూస్తున్నాను. డబ్బాలో వేసుకున్నాడు. మూత పెట్టలేదు. పోయి ముక్క తుంచి ఆమె నోటికి అందించాడు.

"తిను బిడ్డా. ఏ షిఫ్టు నీది?"

మల్లవ్వ నమిలింది. ఇంకో ముక్క తిన్నది. కొంతసేపటికి చూపు నిలబడింది. "నేను మల్లవ్వను."

"మల్లవ్వ మా ఇంటిది. ఇంటికాడ నాకోసం సూస్తది." బొంత ఆమె భుజాల మీదికి లాగాడు. "ఫికర్ జెయ్యకు. మీ ఇంటోళ్లకు ఖబర్ జేస్త."

రుద్దుతున్న ఆ చేతుల్లోంచి ఆమె తన చెయ్యి తీసుకోలేదు.

రంజిత్ కటింగ్ మిషన్‌తో వచ్చేసరికి ఆమె గోడ పట్టుకొని నడిచొచ్చి తాళం తీసింది. నేను అతని స్క్రూడ్రైవర్ అడిగి తీసుకొని బాత్రూం తలుపు గడియ ఊడదీశాను. నాలుగు మరలు. బావ పక్కన నిలబడి, ఊడిన గడియను అందుకొని టిఫిన్ డబ్బాలో వేసి మూత పెట్టాడు. చంకన పెట్టుకొని గ్రిల్ దగ్గరికి నడిచాడు.

"గేటు తియ్యి బావా. లేటైతే ఆబ్సెంట్ ఏస్తరు."

మల్లవ్వ నావైపు చూసింది.

"ఇయ్యాల ఫ్యాక్టరీ బంద్ బావా" అన్నాను. "మిషన్ల ఈగ పడ్డది."

"ఈగనా?"

"ఆ. రెండు నెలలు గడ్డకట్టుకొని ఉండె."

దిద్దుతాడేమోనని ఆగాను. ఆరు రోజులని అంటాడేమోనని చాలాసేపు ఆగాను.

"అట్లనా!" అన్నాడు. వచ్చి స్టూలు మీద కూర్చొని డబ్బా మూత తీశాడు.